గంగారాం చెప్పిన అష్టమ కుజుడు

కామాఠిపుర తొమ్మిదో గల్లీలో, ఫాక్‌లాండ్ రోడ్ వైపు తిరిగే మలుపు దగ్గర గంగారాంకు పుస్తకాలు కుట్టే దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు చాపలు పరిస్తే మూడో మనిషి నిలబడటానికి చోటుండని గది. జిగురు వాసన, అట్టల కట్టలు, ఇనుప ప్రెస్సు ఒకటి. గంగారాం తాత రాళ్ళు మోయడానికి ఈ ఊరొచ్చాడు, తండ్రి గోడలు కట్టాడు. గంగారాం ఊపిరితిత్తులకు సున్నం పడక పదిహేనో ఏట బైండింగులో చేరాడు. అక్కడ అతనికో అలవాటైంది. ఏ ఫారమైనా, అంటే అచ్చయి వచ్చిన పెద్ద కాగితం, మడతపెట్టే ముందు ఒకసారి చదివేవాడు. నోటు పుస్తకాల గీతల కాగితం తప్ప అతని చేతిలోంచి చదవకుండా ఏదీ పోలేదు.

అలా ఒకసారి చిరిగిపోయిన తెలుగు జ్యోతిషం పుస్తకం కుట్టడానికొచ్చింది. ఇచ్చిన మనిషి ఏడాదిన్నర దాకా తిరిగి రాలేదు. ఆ ఏడాదిన్నరలో గంగారాం దాన్ని నాలుగుసార్లు చదివాడు. అర్థం కానివి పదకొండో గల్లీలో ఉండే పెద్దయ్య అనే ముసలాయన్ని అడిగి తెలుసుకున్నాడు. పెద్దయ్య చక్రం వేయడం నేర్పాడు, గ్రహం ఎక్కడుందో లెక్కపెట్టడం నేర్పాడు, పోతూపోతూ తన పాత పంచాంగాలు ఇచ్చిపోయాడు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున తను ఉండే చాళి రెండో అంతస్తులో, గదుల ముందు వరసగా సాగే గ్యాలరీలో, చెక్క కటకటాల పక్కన, గంగారాం పీట వేసుకుని కూర్చునేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో జన్మపత్రికలు పట్టుకుని జనం వచ్చేవాళ్ళు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. అతని గర్వమంతా అందులోనే ఉండేది.

చూడటం కూడా అందరి ముందే. అది ఆ చాళి పద్ధతి. తలుపు మూసి చెబితే రెండు వైపులవాళ్ళకూ అనుమానం. అందుకని ఏం చెప్పినా గ్యాలరీలో చెప్పాలి, బట్టలు ఆరేస్తున్నవాళ్ళకూ నీళ్ళు మోస్తున్నవాళ్ళకూ వినబడాలి.

1981 ఫిబ్రవరిలో ఒక ఆదివారం రాజవ్వ తన కూతురు తారాబాయి పత్రిక తెచ్చింది. రాజవ్వ అదే అంతస్తులో చివరి ఖోలీలో, అంటే ఒంటి గదిలో, ఉండేది. భర్త పోయి నాలుగేళ్ళు. గంగారాంను అన్నా అనేది, తార మామా అనేది. చుట్టరికం లేదు, పిలుపే. తారకు ఇరవై ఒకటి. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం ఉన్న భూమయ్య సంబంధం దాదాపు కుదిరింది. భూమయ్య తండ్రి కూడా వచ్చి కూర్చున్నాడు. పత్రికలు కలిస్తే తాంబూలాలు పుచ్చుకోవడమే.

తార పత్రిక తెలుగుది కాదు. పుట్టినప్పుడు ఆమె తండ్రి పక్కింటి మరాఠీ వాళ్ళతో పోయి గిర్‌గావ్‌లో ఒక జోషి, అంటే జ్యోతిష్కుడి దగ్గర రాయించాడు. గంగారాంకు మరాఠీ చదవడం వచ్చు. కానీ అంతకుముందు అతను చూసినవన్నీ తెలుగు చక్రాలే. మన చక్రంలో గళ్ళకు అంకెలుండవు. పై వరసలో ఎడమ మూల మీనం, దాని పక్కన మేషం, అలా గడియారం ముల్లు తిరిగినట్టు పన్నెండు రాశులూ ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి. లగ్నం ఏ గడిలో రాసి ఉంటే అక్కడి నుంచి ఒకటి, రెండు అని ఇళ్ళు లెక్కపెట్టుకోవాలి. ఈ మరాఠీ పత్రికలో చదరం లోపల ఏటవాలు గీతలు, గళ్ళు గాలిపటాల్లాగా, త్రికోణాల్లాగా ఉన్నాయి. ప్రతి గడిలో ఒక అంకె. ఎడమ పక్క త్రికోణంలో 1 ఉంది. కుడి పక్క పెద్ద గడిలో 8 అంకె, దానితో పాటు మంగళుడు (మన కుజుడు), సూర్యుడు, గురువు.

గంగారాం ఆ అంకెలు చూసి సంతోషించాడు. ఈ మరాఠీవాళ్ళు ఇళ్ళు లెక్కపెట్టే పని కూడా మిగల్చలేదే అనుకున్నాడు. ఒకటి అంటే ఒకటో ఇల్లు. ఎనిమిది అంటే ఎనిమిదో ఇల్లు.

"ఏమాయెనే అన్నా, మాట్లాడవు?" అంది రాజవ్వ.

"కుజుడు ఎనిమిదింట ఉన్నడు చెల్లే."

గ్యాలరీలో నీళ్ళు మోస్తున్నామె బిందె దించింది. భూమయ్య తండ్రి ముందుకు వంగాడు. "అంటే మంగళ్ ఉన్నట్టా?"

గంగారాం అప్పుడు విడమరిచి చెప్పాడు. అంత వివరంగా, అంత బాగా చెప్పాడని ఆ తర్వాత చాలా రోజులు జనం అనుకున్నారు. కుజుడు అగ్గి గ్రహం. రెండో ఇల్లు కుటుంబానిది, నాలుగు ఇంటి సుఖానిది, ఏడు జీవిత భాగస్వామిది, ఎనిమిది ఆడపిల్లకు మాంగల్య స్థానం, పన్నెండు పడకది. ఈ అయిదింటిలో ఎక్కడున్నా కుజదోషమే. లగ్నం నుంచి చూడాలి, చంద్రుడి నుంచి చూడాలి, శుక్రుడి నుంచి చూడాలి. లగ్నం నుంచి ఉంటే గట్టిది, శుక్రుడి నుంచి ఉంటే తేలిక. అయిదింటిలోనూ ఏడు, ఎనిమిది బరువైనవి. అందులోనూ ఆడపిల్లకు ఎనిమిది అంటే మగని ఆయుష్షుకు సంబంధించినది.

"విరుగుడు లేదా?" అంది రాజవ్వ.

"ఉంటయ్. కుజుడు తన సొంత ఇండ్లు మేషం, వృశ్చికంల ఉన్నా, ఉచ్చ మకరంల ఉన్నా దోషం పోతది. సింహం, కుంభంల ఉన్నా లెక్కలేదంటరు. ఎనిమిదో ఇల్లు ధనుస్సో మీనమో అయితే పోతది. పిల్లది కుంభ లగ్నం అని కింద రాసిండు. కుంభం నుంచి ఎనిమిది కన్య. కన్యల ఏ విరుగుడూ లేదు."

"పక్కకు గురువున్నడు గద," అన్నాడు భూమయ్య తండ్రి. అతనూ కొంచెం తెలిసినవాడే. గురువు కుజుడితో కలిసినా, చూసినా దోషం తగ్గుతుందని అందరికీ తెలిసిన మాట.

గంగారాం ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం, ఆ తర్వాత ఆరేళ్ళపాటు అతని వెంట తిరిగింది. అతను చెప్పింది ఇదీ: "ఎనిమిదింట వడ్డ గురువు తానే కుంటుతడు. ఇంకొకల్లనేం నడిపిస్తడు?"

నలుగురూ తలలూపారు. భూమయ్య పత్రికలో దోషం లేదు. దోషమున్న పిల్లను దోషం లేని పిల్లవాడికి ఇవ్వరు, ఇద్దరికీ ఉంటేనే సమం. భూమయ్య తండ్రి లేచి, "ఏమనుకోకు రాజవ్వా," అని మెట్లు దిగిపోయాడు. తలుపు వెనక నుంచి తార ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది.

రెండు నెలల తర్వాత అదే భూమయ్య తండ్రి గంగారాం ఖోలీకి వచ్చాడు. గంగారాం కూతురు ముత్తమ్మను భూమయ్యకు అడిగాడు. పత్రికలు శుభ్రంగా కలిశాయి. జ్యేష్ఠంలో పెళ్ళి. ఆ పెళ్ళికి పసుపు దంచిన ఆడవాళ్ళలో తార కూడా ఉంది.

భూమయ్య మంచి అల్లుడని గంగారాం ముందే అనుకున్నాడా? తారకు సంబంధం రాకముందు ఒకరోజు ఆ పిల్లవాడు దుకాణానికి వచ్చి, తండ్రి డైరీ కుట్టించుకుని, అది ఆరేదాకా ఓపికగా నిలబడి పుస్తకం చదువుకున్నాడు. ఇలాంటివాడు మన ముత్తమ్మకు ఉంటే అని ఒక ఆలోచన వచ్చి పోయింది. వచ్చి పోయిందా, ఉండిపోయిందా అన్నది అతను ఎన్నడూ తేల్చుకోలేదు.

చాళిలో పత్రిక తిరగదు, మాట తిరుగుతుంది. ఆ తర్వాత తారకు వచ్చిన సంబంధాలేవీ పత్రిక చూసేదాకా రాలేదు. గ్రాంట్ రోడ్ అవతల నుంచి వచ్చినవాళ్ళు కూడా కింద కిళ్ళీ కొట్టు దగ్గరే వెనక్కి తిరిగేవాళ్ళు. అష్టమ కుజుడట, గంగారాం చెప్పిండట. గంగారాం అంటే తప్పు చెప్పడని పేరు. మొదట్లో రాజవ్వ ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసింది. లక్ష్మవ్వ, అంటే గంగారాం భార్య, "పిల్ల ఖోలీల కూసుండి ఎండిపోతున్నది, నీ దుకాణంల ఏదన్న పని ఇయ్యరాదయ్యా," అంది. అలా తార బైండింగుకు వచ్చింది. ఫారాలు మడవడం, వరస సరిచూడటం, కుట్టడం. ఆరేళ్ళు అతనికి మూరెడు దూరంలో కూర్చుని కుట్టింది. చేయి శుభ్రం, మాట తక్కువ. అప్పుడప్పుడు హాస్యమాడేది.

"మామా, ఈ పుస్తకంల ఒక ఫారం తక్కువున్నది. దీనికి గూడ ఏదన్న దోషమున్నదేమో సూడు."

గంగారాం నవ్వేవాడు. నవ్వాక జిగురు గిన్నె వైపు తిరిగేవాడు.

1987 వేసవిలో మళ్ళీ ఒక సంబంధం వచ్చింది. వెంకటయ్య పాలమూరు నుంచి వచ్చిన ప్లాస్టరింగ్ మేస్త్రీ. ముప్పై ఎనిమిదేళ్ళు. భార్య పచ్చకామెర్లతో పోయి మూడేళ్ళయింది. ఏడేళ్ళ ఆడపిల్ల ఉంది. అతనికి ఏడింట కుజుడు, అందుకే పెళ్ళాం పోయిందని వాళ్ళ ఊళ్ళో అనుకుంటారు. అంటే ఇద్దరూ దోషం ఉన్నవాళ్ళే. దోషానికి దోషం సరి. రాజవ్వ రెండు పత్రికలూ పట్టుకుని దుకాణానికే వచ్చింది. తార ఆ రోజు కుట్టు దారం తేవడానికి బజారుకు పోయింది.

"ఆదివారం దాక ఆగలేనన్నా. రెండూ సరిగ్గ సూసి చెప్పు. ఇది గూడ పోతే నా బిడ్డకు ఇంకోటి రాదు."

వెంకటయ్యది తెలుగు చక్రం. రెండూ పోల్చాలంటే ఒకే తీరులో ఉండాలని గంగారాం ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. తార పత్రికను మొదటిసారి తెలుగు చదరంలోకి ఎత్తి రాయసాగాడు. కుంభం గడిలో లగ్నం వేశాడు. ఎనిమిదో ఇల్లు కన్య. అందులో కుజుడు, సూర్యుడు, గురువు అని రాయబోయి ఆగాడు.

"పిల్ల ఏ నెలల పుట్టింది చెల్లే?"

"మార్గశిరంల. అంగ్రేజీల డిసెంబరు అయిదు. శనివారం. నడి పగలన్నా. కిటికీలకెల్లి ఎండ నా మంచం మీద వడ్డది, నర్సు పన్నెండు కొట్టింది అన్నది. ఎట్ల మరుస్త?"

గంగారాం పెన్ను కాగితం మీదే ఉండిపోయింది. మార్గశిరంలో సూర్యుడు కన్యలో ఉండడు. ఏ ఏడైనా సరే, పంచాంగం తెరిచి చూడనక్కర్లేదు, మార్గశిరంలో సూర్యుడు వృశ్చికంలో ఉంటాడు, కాస్త ముదిరితే ధనుస్సులో. ఇంకోటి, అది పెద్దయ్య నేర్పిన మొదటి పాఠం. తెల్లవారి పుట్టినవాళ్ళకు సూర్యుడు లగ్నంలో ఉంటాడు. నడి పగలు పుట్టినవాళ్ళకు పదింట, పొద్దుగూకే వేళ పుట్టినవాళ్ళకు ఏడింట ఉంటాడు. ఏ పత్రిక చేతికి వచ్చినా ముందు పుట్టిన వేళ అడిగి, సూర్యుడు అక్కడున్నాడో లేడో చూసుకొమ్మని ముసలాయన చెప్పాడు. ఎనిమిదింట సూర్యుడుంటే ఆ పిల్ల మధ్యాహ్నం మూడు దాటాక పుట్టి ఉండాలి.

వృశ్చికం ఎన్నో రాశి? మేషం ఒకటి, వృషభం రెండు... అతను వేళ్ళ మీద లెక్కపెట్టాడు, తెలిసినా లెక్కపెట్టాడు. ఎనిమిది.

మరాఠీ పత్రికలో అంకె ఇల్లు కాదు, రాశి. ఇళ్ళు అక్కడ కదలవు, పైన మధ్య గడి ఎప్పుడూ లగ్నం. ఆ గడిలో 11 ఉంది. పదకొండో రాశి కుంభం. ఆరేళ్ళ కింద ఆ అంకె కూడా తన కళ్ళ ముందే ఉంది. అక్కడి నుంచి ఎడమ వైపుగా లెక్కపెట్టుకుంటూ పోతే కుడి పక్క పెద్ద గడి పదో ఇల్లు. సూర్యుడు పదింట, నడి పగలు. కుజుడు పదింట, సొంత ఇంట్లో, గురువు పక్కన. లగ్నం నుంచి దోషం లేదు. చంద్రుడు మకరంలో, అక్కడి నుంచి కుజుడు పదకొండింట, దోషం లేదు. శుక్రుడు తులలో, అక్కడి నుంచి రెండు. అదొక్కటే తగిలింది. కానీ సొంత రాశిలో ఉన్న కుజుడికి, గురువుతో కలిసిన కుజుడికి ఆ తేలిక లెక్క కూడా వర్తించదు.

పిల్లకు దోషం లేదు. ఎన్నడూ లేదు.

"ఏందన్నా?" అంది రాజవ్వ.

"పత్రికలు నా దగ్గర ఉండనీ. రెండు రోజులు కావాలె," అన్నాడు గంగారాం.

రెండు రోజులు అయిదయ్యాయి. తార వచ్చి కుడుతూనే ఉంది. ఆమె వంచిన మెడ, సూది లాగే చేయి చూస్తూ అతను పని చేయలేకపోయాడు. అట్టలు వంకరగా కోశాడు. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడు. ముత్తమ్మకు ఆ ఏళ్ళలో ఇద్దరు పిల్లలు. ఒక అంకెను తప్పు చదవడం ఎవరికైనా జరుగుతుంది, అది చెప్పుకోవచ్చు. కానీ గురువు మాట? గురువు పక్కనున్నాడని ఆ పెద్దమనిషి గుర్తు చేస్తే, తెలిసిన విరుగుడును నాలుక చివరి మాటతో తోసేసింది ఎవరు? ఆ రోజు కావాలంటే దోషం తగ్గిందని చెప్పడానికి చోటుంది. కావాలనుకోలేదు. ఎందుకు అనుకోలేదు?

అయిదో రోజు అన్నం ముందు కూర్చుని భార్యకు చెప్పాడు.

లక్ష్మవ్వ చాలాసేపు గిన్నెలో గరిట తిప్పింది. "ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఆరేండ్ల ముచ్చట గిప్పుడు తోడి ఏం జేస్తవ్? పిల్లకు సంబంధమైతే వచ్చింది. అయిపోనీ. నువ్వు నోరు తెరిస్తే జనం ఏమంటరు? కావాల్నని పిల్లగాన్ని గుంజుకున్నడు, బిడ్డకు జేసిండు అంటరు. ముత్తమ్మ ఎట్ల మొఖమెత్తుకోవాలె?"

"అనరాదా? అంటే తప్పేమున్నది?"

"ఏందయ్యా, నువ్వు కావాల్ననే జేసినవా?"

లక్ష్మవ్వ అతని ముఖం చూసి గరిట కింద పెట్టేసింది.

మరునాడు మధ్యాహ్నం దుకాణంలో ఇద్దరే ఉన్నప్పుడు గంగారాం తారను పిలిచి రెండు కాగితాలు ముందు పెట్టాడు. ఒకటి ఆమె మరాఠీ పత్రిక, ఒకటి తాను ఎత్తి రాసిన చక్రం. అంకె ఎట్లా చదివాడో, ఏం చదవాలో వేలు పెట్టి చూపించాడు. గురువు మాట కూడా దాచలేదు. అన్నీ అయ్యాక, "నీకు మంగళ్ లేదు బిడ్డా. తప్పు నాది," అన్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. కోపంతో లేచి పోతుందనుకున్నాడు. తార ఆ చక్రం వైపు చూస్తూ, కుట్టిన పుస్తకంలో వరస సరిచూసే మనిషిలా మెల్లగా అడిగింది.

"లేదా?"

"లేదు."

"ముత్తమ్మ పెండ్లి నాడు గూడ లేకుండెనా?"

"లేకుండె."

"గిది నీకెప్పుడు ఎర్కయింది?"

"ఆరు రోజులాయె."

"ఆరు రోజులు నా పక్కకు కూసోని జిగురు రాసినవ్." ఆమె మళ్ళీ అంది, "ఆయనకైతే ఉన్నది గద? వెంకటయ్యకు?"

"ఏడింట ఉన్నడని..."

"నాకు లేకపోయి ఆయనకుంటే లగ్గం జెయ్యరు గద? మా అవ్వ ముందుగాలనే వద్దంటది. మొదటామె గట్లనే పోయిందంటరు, నా బిడ్డను గూడ మింగుతడంటది." ఆమె గొంతు అప్పుడు లేచింది. "మామా, ఆరేండ్లు ఉన్నదని ఆపినవ్. గిప్పుడు లేదని ఆపుతవా?"

గంగారాంకు ఇది తట్టనే లేదు. నిజం చెబితే భారం దిగుతుందని మాత్రమే అనుకున్నాడు, తన భారం.

"ఆయన నీకు ఇష్టమా?"

"ఇంటికొచ్చినప్పుడు పిల్లను ఎంబడి తోలుకొచ్చిండు. ముందు నన్ను గాదు, పిల్లను అడిగిండు, ఈమె నీకు మంచిగనిపిస్తదా అని. ఆ పొల్ల నా సూది పెట్టె మొత్తం కింద పోసింది. ఇద్దరం ఏరినం. నేను హా అన్న. మా అవ్వకు చెప్పిన, ఈ ఒక్కటి చెడగొట్టకుండ్రి అని." తార కాగితాలు అతని వైపు తోసింది. "నీ చదువు నీ దగ్గరనే ఉండనీ. నేను హా అన్న."

ఆ సాయంత్రం గంగారాం వెంకటయ్య చక్రం ముందేసుకున్నాడు. అంతదాకా దాన్ని సరిగా చూడనే లేదు. ఊరివాళ్ళ మాటే పట్టుకున్నాడు. కర్కాటక లగ్నం. పుష్య మాసం, పొద్దుగూకే వేళ పుట్టాడని కింద రాసి ఉంది. సూర్యుడు మకరంలో, ఏడింట. వేళ సరిపోయింది. కుజుడూ అక్కడే, ఏడింట, మకరంలో.

మకరం కుజుడికి ఉచ్చ. ఏడో ఇల్లు మకరమో కర్కాటకమో అయితే దోషం లేదని విడిగా చెప్పిన మాట కూడా ఉంది. ఆ పైన కర్కాటక లగ్నానికి కుజుడు అయిదింటికీ పదింటికీ అధిపతి, యోగమిచ్చేవాడు. ఆ లగ్నానికి అతన్ని దోషిగా లెక్కపెట్టరు. చంద్రుడు కన్యలో, అక్కడి నుంచి కుజుడు అయిదింట. శుక్రుడు ధనుస్సులో, అక్కడి నుంచి రెండు, తారకు ఉన్నట్టే. ఉచ్చలో ఉన్నాడు కనుక అదీ లేదు. పాపం ఆ మనిషి భార్య పచ్చకామెర్లతో పోయింది, అంతే. పోయాక ఊరు అతని చక్రంలో కారణం వెతికింది. ఏడింట కుజుడు కనబడగానే ఇంక ముందుకు చదవలేదు.

ఇద్దరికీ లేదు. లేకపోయినా సమమే.

గంగారాం లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. సంతోషం రాలేదు, భయం వేసింది. ఆరేళ్ళ కింద తనకు కావలసింది చక్రంలో కనబడింది. ఇవాళ కూడా తనకు కావలసిందే కనబడుతోంది. ఏ కంటితో చూశాడో అదే కంటితో చూస్తున్నాడు. ఆ కన్ను చెప్పింది నమ్మడం ఎలా?

మరునాడు పేర్లు లేకుండా రెండు చక్రాలూ వేరే కాగితం మీద రాసుకుని గిర్‌గావ్ పోయాడు. తార పత్రిక రాసిన జోషి ఎప్పుడో పోయాడు, అతని గదిలో ఇంకో ముసలి జోషి కూర్చుని ఉన్నాడు. గంగారాం మరాఠీలో ఒకే మాట అడిగాడు. ఈ ఇద్దరికీ మంగళ దోషం ఉందా?

జోషి ముందు పుట్టిన వేళలు అడిగి సూర్యుణ్ణి చూసుకున్నాడు. గంగారాం తల దించుకున్నాడు.

"అమ్మాయికి పదింట, స్వరాశి, పక్కన గురువు. లేదు. అబ్బాయికి ఏడింట ఉన్నాడు, కానీ ఉచ్చ మంగళుడు, కర్కాటక లగ్నం. లెక్కలోకి రాదు." ముసలాయన కళ్ళద్దాలు తీశాడు. "ఎవరు భయపెట్టారు వీళ్ళని?"

"మా తెలుగువాడొకడు."

"మీరు రెండో ఇల్లు లెక్కపెడతారు కదూ. మేం రెండు వదిలేసి ఒకటి పడతాం. లగ్నంలో ఉంటే అక్కడి నుంచి ఏడో ఇంటిని సూటిగా చూస్తాడని మా వాదన. మీ వాదన రెండో ఇల్లు కుటుంబ స్థానమని, అక్కడి నుంచి ఎనిమిదిని చూస్తాడని. మనం ఇట్లా కొట్టుకుంటుంటే మంగళుడు తన దారిన తాను పోతున్నాడు." ఆయన తనే నవ్వుకున్నాడు. "ఆ తెలుగాయనకు చెప్పండి, చూడటం రాకపోతే ఫరవాలేదు, చెప్పడం ఆపమని."

"చెప్తాను," అన్నాడు గంగారాం.

ఆదివారం పొద్దున గ్యాలరీలో పీట వేశాడు. తను పిలిచినవాళ్ళంతా వచ్చారు. రాజవ్వ, తార, వెంకటయ్య, అతని పక్కన రెండు జడల పిల్ల. కింది అంతస్తు నుంచి భూమయ్య, ముత్తమ్మ. భూమయ్య తండ్రి అప్పటికి లేడు. లక్ష్మవ్వ గడప లోపలే నిలబడింది, బయటికి రాలేదు.

గంగారాం రెండు చక్రాలూ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోలేదు. "ఆరేండ్ల కింద ఇదే జాగల తారాబాయికి అష్టమ కుజుడని చెప్పిన. అది తప్పు," అని మొదలుపెట్టాడు. అంకె చదివిన తీరు చెప్పాడు. కుజుడు నిజంగా ఎక్కడున్నాడో చెప్పాడు. వెంకటయ్యకు ఉందనుకున్న దోషం ఏ మూడు కారణాలతో లేదో చెప్పాడు. జోషి దగ్గరికి పోయానని, తన చూపును తాను నమ్మలేక పోయానని కూడా చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ అడగకపోయినా గురువు మాట చెప్పాడు.

"అప్పుడు గురువు సంగతి భూమయ్య నాయిన గుర్తుజేసిండు. నేను తోసేసిన. దోషం తగ్గిందని అననీకె తావు ఉండె. అనలేదు."

"ఎందుకనలేదన్నా?" అంది రాజవ్వ. ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి.

అందరూ వింటున్నారు. ముత్తమ్మ చంటివాణ్ణి చంక మార్చుకుంది. "నాయినా," అంది, అంతే అంది.

"ఎందుకనలేదో నాకే సరిగ్గ ఎర్కలేదు చెల్లే. భూమయ్య మంచి పిల్లగాడని అంతకుముందే నా మనసుల ఉండె. అది నా నోట్లెకు వచ్చిందో లేదో నేను ఒట్టు పెట్టి చెప్పలేను. రాలేదని మాత్రం అననే అనలేను."

ముత్తమ్మ వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది. భూమయ్య ఆమె వెంట పోకుండా కాసేపు నిలబడి, కటకటాలు పట్టుకుని, "మామా, అప్పుడు నన్ను గూడ ఎవలూ అడగలే," అన్నాడు. ఆ మాట ఏ వైపు మొగ్గిందో గంగారాంకు తెలియలేదు. అతను అల్లుడి ముఖం చూడలేకపోయాడు.

రాజవ్వ మాత్రం ఒక్కటే అడిగింది. "అయితే ఈయన పక్కకు నా బిడ్డకు ఫికర్ లేదు గద? గిది గూడ తప్పు చదవలేదు గద?"

"గిది నేను చెప్తలేను. జోషి చెప్పిండు."

తార వంగి, పిల్ల జడలోంచి ఊడిన రిబ్బన్ మళ్ళీ ముడేస్తూ తలెత్తకుండానే అంది. "మామా, మల్లొకసారి చదువు. గట్టిగ. కింద కిళ్ళీ కొట్టు దాక ఇనవడలె."

అతను మళ్ళీ చదివాడు. గట్టిగా చదివాడు. కింద ఎవరో తలెత్తి చూశారు.

ఆషాఢం రాకముందే పెళ్ళి జరిగింది. ముహూర్తం గంగారాం పెట్టలేదు, ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు చాళిలో అతన్ని మెచ్చుకున్నారు. ఎంత పెద్ద మనసు, తప్పు ఒప్పుకున్నడు చూడు అన్నారు. ఆ మెప్పు వింటుంటే అతనికి ఆ రోజు గ్యాలరీలో కుజదోషం గురించి చెప్పినప్పుడు వచ్చిన మెప్పే గుర్తొచ్చేది. రెండూ ఒకే నోళ్ళు, ఒకే మాటలు. ముత్తమ్మ నాలుగు నెలలు ఖోలీకి రాలేదు. వచ్చాక ఆ సంగతి ఎత్తలేదు, తండ్రికి అన్నం మాత్రం తల్లిచేతే పెట్టించింది.

తార పెళ్ళయిన పది రోజులకు దుకాణానికి వచ్చింది, సగం కుట్టి వదిలేసిన పనిని పూర్తి చేయడానికి. మధ్యాహ్నం దాకా కూర్చుని మిగిలిన పుస్తకాలన్నీ కుట్టి, దారాలు కత్తిరించి, కట్టలు కట్టింది. ఆమె లేస్తుంటే గంగారాం అడగకూడనిది అడిగాడు.

"నా మీద కోపం పోయిందా బిడ్డా?"

తార చెప్పులు వేసుకుంటూ ఆలోచించింది. అబద్ధమాడటం ఆమెకు చేతకాదు.

"పోలేదు మామా. ఆయన మంచోడు, పిల్ల మంచిది. అది వేరే ముచ్చట. ఆరేండ్లు ఆరేండ్లే గద. కోపమున్నది. ఉండనీ."

ఆమె ఫాక్‌లాండ్ రోడ్ వైపు తిరిగి జనంలో కలిసిపోయింది. గంగారాం ఆమె ఆ పూట కుట్టిన మొదటి పుస్తకం తీసుకుని, ఫారాల వరస సరిచూసి, అట్ట అతికించడానికి కూర్చున్నాడు. జిగురు గిన్నెలో ఆరిపోయి ఉంది. మళ్ళీ కలపాల్సి వచ్చింది.